స్క్రీనుపై లేని మందీ ధర: లెక్క తేజీలోనే ఉంది

నాగపూర్ రోడ్డున మేడ్చల్ బజారులో గాని, కరీంనగర్ రోడ్డున శామీర్‌పేటలో గాని వర్తకులకు తేజీ, మందీ అనే మాటలు కొత్తవి కావు. సరుకు ధర పెరిగితే తేజీ, పడిపోతే మందీ. పాత తరం వర్తకులకు ఈ మాటలకు మరో అర్థం కూడా తెలుసు. ఫలానా ధరకు సరుకు కొనే హక్కును కొంత సొమ్ము చెల్లించి ముందే ఖాయపరచుకుంటే అది తేజీ. ఫలానా ధరకు అమ్మే హక్కును ఖాయపరచుకుంటే అది మందీ. 1952 నాటి ఫార్వర్డు కాంట్రాక్టుల నియంత్రణ చట్టం తేజీ, మందీ, తేజీ-మందీ, గల్లీ అని వీటిని పేరుపేరునా పేర్కొని నిషేధించింది. ఆరు దశాబ్దాల పైచిలుకు కాలం ఆ నిషేధం సాగింది. 2017 జూన్‌లో సెబీ అనుమతి ఇవ్వగా, ఆ ఏడాది అక్టోబరు 17న, ధన్‌తేరస్ రోజున, ఎంసీఎక్స్‌లో బంగారం ఆప్షన్లు ప్రారంభమయ్యాయి. తేజీకి కాల్ అని, మందీకి పుట్ అని పేర్లు మారాయిగాని పని అదే.

ఈ ప్రాంతపు వర్తకులలో ఎక్కువ మందికి కావలసింది బంగారం కాదు, కోళ్ళ దాణాకు పోయే మొక్కజొన్న, ధాన్యం, పప్పులు. కాని 2021 డిసెంబరు 20న సెబీ బాస్మతియేతర ధాన్యం, గోధుమ, శనగ, ఆవాలు, సోయాబీను, ముడి పామాయిలు, పెసల వాయిదా వ్యాపారాన్ని నిలిపివేసింది. కాబట్టి ఇక్కడి వారు తేజీ-మందీల లెక్కను నేర్చుకోదలిస్తే లావాదేవీలు నిజంగా జరిగే బంగారం, వెండిలోనే నేర్చుకోవాలి. అక్కడ కూడా చిక్కు లేకపోలేదు. వాయిదా ధరకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు స్ట్రైక్ ధరలలో కొనేవారు, అమ్మేవారు కనబడతారు. కాస్త దూరం జరిగితే ఒక పక్క బేరం ఉంటుంది, రెండో పక్క గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడిలో ఉండవలసిన ధర ఎంత అన్నదే ఇక్కడ విషయం.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. మేడ్చల్‌లో ఒక బంగారు నగల వర్తకుని వద్ద కిలో బంగారం నిల్వ ఉంది. పెళ్ళిళ్ళ ముహూర్తాలకు ఇంకా రెండు నెలలు ఉంది. ఈలోగా ధర పడిపోతే దెబ్బ తగులుతుందని ఆయనకు భయం. పది గ్రాములు 98,000 రూపాయలకు అమ్ముకునే హక్కు, అంటే 98,000 మందీ, కొనదలచి దళారికి ఫోను చేశాడు. లెక్క సులువుగా ఉండటానికి ఆ గడువుకు సంబంధించిన వాయిదా ధర సరిగ్గా లక్ష రూపాయలని అనుకోవచ్చు. 98,000 తేజీలో బేరం నడుస్తున్నది. దాని ధర సుమారు 3,450. 98,000 మందీలో మాత్రం కొనేవారు లేరు, అమ్మేవారు లేరు. "చివరి ధర 1,700" అని మాత్రం స్క్రీను చూపుతున్నది.

"సేటూ, పదిహేడు వందలు నడుస్తున్నది. తొందరగా చెప్పండి, ఇంకా పెరుగుతది" అన్నాడు దళారి.

సేటు తొందరపడి ఒప్పుకుంటే కిలో లాటుకు 1,70,000 రూపాయలు ప్రీమియం కట్టాలి. ధర పది గ్రాములకు చెబుతారు కాబట్టి స్క్రీను మీది ఒక్క రూపాయి కిలో లాటులో వంద రూపాయలవుతుంది. ఇది గుర్తుంచుకుంటే ముందు వచ్చే అంకెల బరువు తెలుస్తుంది.

ఇంతకూ పదిహేడు వందలు సరైన ధరేనా? దళారిని అడగవలసిన పని లేదు. పక్క గడిలో ఉన్న తేజీయే చెబుతుంది. ఎట్లాగంటే, ఒక వ్యక్తి 98,000 తేజీ కొన్నాడు, అదే 98,000 మందీని అమ్మాడు అనుకోవచ్చు. గడువు నాటికి బంగారం 98,000 కంటే పైన ఉంటే తన హక్కును వాడుకొని 98,000కు కొంటాడు. కింద ఉంటే మందీ కొన్నవాడు తన హక్కును వాడుకొని ఇతనికి 98,000కు అమ్ముతాడు. పైకి పోయినా, కిందికి వచ్చినా ఇతని చేతికి 98,000 ధరకు కొనుగోలు వచ్చి తీరుతుంది. అంటే తేజీ కొని మందీ అమ్మడమూ, 98,000కు వాయిదా కొనుగోలు చేయడమూ ఒకటే పని. బజారులో వాయిదా ధర లక్ష ఉండగా 98,000కు కొనుగోలు దొరికితే అది గడువు నాటికి 2,000 రూపాయల లాభం. ఆ లాభం ఊరికే రాదు. తేజీకి ఇచ్చిన సొమ్ములో మందీ అమ్మగా వచ్చిన సొమ్ము తీసివేస్తే మిగిలేది దానికి సరిపోవాలి.

ఒక్క సవరణ ఉంది. ప్రీమియం ఈ రోజు చేతులు మారుతుంది. 2,000 లాభం రెండు నెలల తరువాత తేలుతుంది. కాబట్టి వడ్డీ తీసివేయాలి. వర్తకుల లెక్కలోనే నెలకు నూటికి అర్ధ రూపాయి వడ్డీ వేసుకుంటే రెండు నెలలకు నూటికి రూపాయి. 2,000ను 1.01తో భాగిస్తే 1,980 వస్తుంది. సూత్రంగా రాస్తే ఇంతే:

తేజీ − మందీ = (వాయిదా ధర − స్ట్రైక్ ధర) ÷ 1.01

తేజీ 3,450 కాబట్టి మందీ 3,450లో 1,980 పోగా 1,470. దీనినే పుట్-కాల్ పారిటీ అంటారు. బంగారం పైకి పోతుందా, కిందికి వస్తుందా అన్న ఊహ ఇందులో ఎక్కడా లేదన్నది గమనించదగినది. బజారు ఎంత ఒడిదుడుకులతో ఉందన్న అంచనా కూడా అక్కర లేదు. ఆ అంచనా అంతా తేజీ ధరలోనే ఇమిడి ఉంది. మందీ ధర దానిని అరువు తెచ్చుకుంటుంది. అమెరికాలో హాన్స్ స్టోల్ అనే ఆర్థికవేత్త 1969లో ఈ సంబంధాన్ని పత్రికలో సూత్రబద్ధం చేశాడుగాని, వ్యాపారులు అంతకు చాలా ముందే దానిని వాడుకున్నారు. 19వ శతాబ్దంలో న్యూయార్కు వడ్డీ వ్యాపారి రస్సెల్ సేజ్ చట్టం అనుమతించిన దానికంటే ఎక్కువ వడ్డీ రాబట్టడానికి ఈ ఉపాయమే పన్నాడు. పైకి చూస్తే షేర్ల కొనుగోలు, ఒక మందీ, ఒక తేజీ. మూడూ కలిపితే అప్పు. సూత్రంలో వడ్డీకి చోటు ఉందన్నది ఆనాటి వడ్డీ వ్యాపారికి చక్కగా తెలుసు.

మరి స్క్రీను మీది 1,700 అబద్ధమా? అబద్ధం కాదు, పాతది. ఆ ధరకు ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ఒక్క లాటు చేతులు మారి ఉంటుంది. అప్పటి వాయిదా ధరను వెనక్కి లెక్క కట్టి చూడవచ్చు. అప్పుడు వాయిదా 99,450 ఉండి, తేజీ 3,135 ఉంటే, 1,450ని 1.01తో భాగించగా సుమారు 1,435. 3,135లో అది పోతే 1,700. ఉదయం అది న్యాయమైన ధరే. తరువాత బంగారం 550 రూపాయలు పెరిగింది. తేజీ దానితోపాటే పెరిగింది. మందీలో బేరం లేదు కాబట్టి గడిలోని అంకె అక్కడే నిలబడిపోయింది. వాయిదా ధర ఈ క్షణానిది, మందీ ధర మూడు గంటల క్రితంది. రెండూ పక్కపక్కనే ఒకే రంగులో కనబడతాయి. దళారి సంస్థల స్క్రీనులు చాలావాటిలో చివరి ధర పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది ఏ వేళదో చూడాలంటే మరో చోట వెతకాలి. ఈ పద్ధతి మారవలసి ఉంది. బేరం జరిగిన వేళ లేని ధర వర్తకునికి ధర కాదు.

పారిటీ అని విని లెక్క కట్టడం మొదలుపెట్టిన వారిలో ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. 1,470 ఉండవలసిన చోట 1,700 ఉంది, 230 రూపాయలు ఎక్కువ, కిలోకు 23,000 రూపాయలు నష్టభయం లేని లాభం అని సంబరపడతారు. ఆర్బిట్రేజి దొరికిందంటారు. కాని 1,700కు కొనేవాడు ఎక్కడున్నాడు? లేని కొనుగోలుదారుకు అమ్మలేరు. చివరి ధరలతో వేసిన పారిటీ లెక్క ఎప్పుడూ ఏదో ఒక లాభం చూపుతూనే ఉంటుంది.

లెక్క వేయవలసింది కొనే ధర, అమ్మే ధరలతో. స్క్రీనులో తేజీ కొనేవారు 3,420 ఇస్తామంటున్నారు, అమ్మేవారు 3,480 అడుగుతున్నారు అనుకోవచ్చు. వాయిదాలో కొనే ధర 99,990, అమ్మే ధర 1,00,010. ఇప్పుడు మందీని చేతితో తయారు చేయవచ్చు: తేజీ కొని, వాయిదా అమ్మితే అదే మందీ. తేజీకి 3,480 ఇవ్వాలి. వాయిదా 99,990కి అమ్మాలి. స్ట్రైక్ ధరకు దానికి తేడా 1,990, వడ్డీ పోను 1,970. మిగిలింది 1,510. అంటే మందీ ఎవరూ అమ్మకపోయినా 1,510కి దానిని తయారు చేసుకోవచ్చు. ఎదురు పక్కన తేజీ 3,420కి అమ్మి, వాయిదా 1,00,010కి కొంటే 2,010కి వడ్డీ పోను 1,990. ఈ దారిన మందీ అమ్మితే చేతికి వచ్చేది 1,430. కాబట్టి ఖాళీ గడిలో ఉండవలసిన ధర 1,470 అనే ఒక అంకె కాదు. 1,430కి, 1,510కి మధ్య ఉన్న ఒక మేర. ఆ మేరలో ఏ ధరైనా న్యాయమే. ఎవరైనా 1,510 కంటే ఎక్కువ ఇచ్చి కొంటామంటే, లేదా 1,430 కంటే తక్కువకు అమ్ముతామంటే అప్పుడే ఆర్బిట్రేజి మాట ఎత్తవచ్చు.

సేటుకు దీనితో ఒరిగేది స్పష్టమే. ఆయన 1,700కు ఆర్డరు పెట్టి ఉంటే ఈ లెక్క తెలిసినవాడు ఎవడో తక్షణమే ఆ మందీని అమ్మి, తేజీ కొని, వాయిదా అమ్మి, పది గ్రాములకు 190 రూపాయల చొప్పున కిలోకు 19,000 రూపాయలు జేబులో వేసుకునేవాడు. సేటు చేయవలసింది 1,470కి ధర కట్టి ఆర్డరు పెట్టి కాసేపు ఆగడం. రాకపోతే పది పది చొప్పున పెంచుకుంటూ పోవడం. 1,500 చేరేసరికి ఎవరో ఒకరు అమ్మే అవకాశం బాగా ఉంది. ఖాళీ గడి చూసి ఇక్కడ అమ్మేవారే లేరనుకోవడం పొరపాటు. అమ్మేవారు ధర చెప్పకుండా కూర్చొని ఉంటారు, అంతే. ఈ ఆర్డరుకు మార్కెట్ ధర అనే పద్ధతి మాత్రం పనికిరాదు. ఖాళీ గడిలో మార్కెట్ ధరకు కొంటామనడం సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వడం వంటిది.

సేటే స్వయంగా తేజీ కొని వాయిదా అమ్మి మందీ తయారు చేసుకోవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. చేసుకోవచ్చు. కాని తేజీ ప్రీమియం 3,48,000 రూపాయలు ముందే కట్టాలి, వాయిదా అమ్మకానికి మార్జిను పెట్టాలి, ధర పెరిగితే ప్రతి సాయంత్రం తేడా కట్టాలి. కేవలం బీమా కావలసిన వర్తకునికి ఆ తద్దినం అక్కర లేదు. లాభానికై వచ్చిన వారు మాత్రం దానిని తప్పించుకోలేరు.

నిజమైన ఆర్బిట్రేజి ఎట్లా ఉంటుందో చూడవచ్చు. మరో ఊరి వర్తకుడు ఎవరో తొందరలో 98,000 మందీ 1,600కు కొంటానని ఆర్డరు పెట్టాడు. ఇది పాత ధర కాదు, ఈ క్షణాన స్క్రీను మీద నిలిచి ఉన్న కొనుగోలు. శామీర్‌పేటలోని ఒక వ్యాపారి దీనిని చూశాడు. మందీ 1,600కు అమ్మి, తేజీ 3,480కి కొంటే చేతి నుండి పోయేది 1,880. రెండు నెలల వడ్డీతో 1,899. 98,000కు కలిపితే అతని కొనుగోలు ధర 99,899. వాయిదా 99,990కి అమ్మాడు. తేడా పది గ్రాములకు 91 రూపాయలు, కిలోకు 9,100. బంగారం ఎటు పోయినా ఈ లాభం మారదు. గడువు నాటికి బంగారం 1,05,000 ఉంటే తేజీ ద్వారా 98,000కు వాయిదా కొనుగోలు అతని ఖాతాలో పడుతుంది. 93,000 ఉంటే మందీ ద్వారా అదే 98,000కు పడుతుంది. ముందే అమ్మిన వాయిదాతో అది కొట్టివేయబడుతుంది. ఎంసీఎక్స్ ఆప్షన్లు గడువు రోజునే వాడుకునే తరహావి, వాడుకుంటే సరుకు కాకుండా వాయిదా ఒప్పందం చేతికి వచ్చే తరహావి కాబట్టే ఈ లెక్క ఇంత శుభ్రంగా కుదురుతుంది. గడువుకు ముందు ఏ రోజైనా వాడుకునే వీలున్న ఆప్షన్లయితే, మందీ కొన్నవాడు మధ్యలో వచ్చి మీద పడవచ్చు. అక్కడ సమానం గుర్తు నిలవదు.

ఇక ఖర్చులు. 2013 జూలై నుండి బంగారం వంటి సరుకుల వాయిదా అమ్మకంపై నూరు రూపాయలకు ఒక పైసా చొప్పున లావాదేవీల పన్ను వచ్చింది. కిలో బంగారం దాదాపు కోటి రూపాయలు కాబట్టి అది వెయ్యి రూపాయలు. ఆప్షను అమ్మకంపై ప్రీమియంలో నూటికి ఐదు పైసలు; 1,60,000 మీద 80 రూపాయలు. దళారీ, ఎక్స్ఛేంజి రుసుము, వాటిపై జీఎస్టీ, స్టాంపు సుంకం అన్నీ కలిపి మరో 1,500 అనుకుంటే మొత్తం 2,600 దాకా పోతుంది. 6,500 మిగులుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని మార్జిను సంగతి ఇంకా రాలేదు. వాయిదా అమ్మకం, మందీ అమ్మకం రెండింటికీ కలిపి పది లక్షలు కట్టమన్నారు అనుకుంటే, ఆ సొమ్మును అతను నూటికి అర్ధ రూపాయి వడ్డీకి తెచ్చి ఉంటే, రెండు నెలలకు 10,000 రూపాయలు వడ్డీ. నష్టభయం లేని లాభం కాస్తా 3,500 నష్టంగా తేలింది. అదే పది లక్షలు బ్యాంకు డిపాజిట్టు రూపంలో తాకట్టు పెట్టినవానికి డిపాజిట్టుపై వడ్డీ ఎట్లాగూ వస్తూనే ఉంటుంది. అతనికి 6,500 లాభమే. ఒకే స్క్రీను, ఒకే ధరలు, ఒకే ముగ్గురి బేరం. ఒకరికి లాభం, ఒకరికి నష్టం. ఈ వ్యాపారం పెద్ద సంస్థల చేతిలో ఉండటానికి కారణం వారి తెలివి కాదు, వారి సొమ్ము ఖరీదు తక్కువ.

దీనికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. నెల రోజులలో బంగారం లక్ష నుండి 1,04,000 అయింది అనుకోవచ్చు. శామీర్‌పేట వ్యాపారి లెక్క ప్రకారం నష్టం లేదు. అమ్మిన వాయిదాలో పోయింది తేజీలో వచ్చింది. కాని వాయిదాలో పోయిన 4,000 రూపాయల తేడా, అంటే కిలోకు నాలుగు లక్షలు, రోజూ సాయంత్రం రొక్కంగా కట్టాలి. తేజీలో వచ్చింది మాత్రం కాగితం మీద ఉంటుంది. దానిని అమ్మితే గాని, గడువు వస్తే గాని చేతికి రాదు. ఆ నాలుగు లక్షలు సర్దుబాటు కాకపోతే దళారి సంస్థ ఊరుకోదు. వాయిదా అమ్మకాన్ని ఆ ధరకే కొట్టివేస్తుంది. అప్పుడు అతని చేతిలో మిగిలేది కొన్న తేజీ, అమ్మిన మందీ, అంటే అండ లేని కొనుగోలు. మర్నాడు బంగారం 1,04,000 నుండి పడటం మొదలైతే ఆ నష్టమంతా అతనిదే. 9,100 రూపాయల కోసం మొదలుపెట్టిన బేరం లక్షల నష్టంలో ముగుస్తుంది. ముందుగా చూసుకోవలసిన సంగతి ఏమంటే, పెట్టిన మార్జిను గాక, ధర నూటికి ఐదు మారినా తట్టుకునే రొక్కం, కిలోకు ఐదు లక్షలు, పక్కన ఉందా లేదా అన్నది. లేకపోతే స్క్రీను మీద ఎంత లాభం కనబడినా చేయి వేయకూడదు.

మూడు బేరాలు ఒక్క క్షణంలో జరగవన్నది కూడా గుర్తుంచుకోవాలి. పలచగా ఉన్న మందీని ముందు అమ్మాలి. వాయిదా, తేజీ ఎప్పుడైనా దొరుకుతాయి. ముందు తేజీ కొని కూర్చుంటే 1,600 ఇస్తానన్నవాడు ఆర్డరు తీసివేసుకుని పోతాడు. మందీ అమ్మాక కూడా నిమిషం ఆలస్యమై వాయిదా 200 రూపాయలు పడి 99,790 అయిందనుకుంటే, తేజీ కూడా 120 తగ్గి 3,360కి దొరకవచ్చు. లెక్క వేస్తే కొనుగోలు ధర 99,778, అమ్మకం 99,790. 91 రూపాయల లాభంలో మిగిలింది 12. ఖర్చులకే చాలదు. పలచని స్ట్రైకులలో కొనేవాడు ఒక్క లాటుకే ఉంటాడు; ఐదు లాట్లకు లెక్క కట్టుకుని ఒక లాటు అమ్మి మిగతా నాలుగు చేతిలో పెట్టుకున్నవారు కూడా ఉంటారు.

వాయిదా ధర స్థానంలో బజారు ధర వేసుకోవడం నగల వర్తకులలో మామూలుగా కనబడే పొరపాటు. దుకాణంలో చెప్పే ధరలో నూటికి మూడు జీఎస్టీ కలిసి ఉంటుంది, గడువు వేరు, స్వచ్ఛత కూడా వేరు కావచ్చు. అట్లా 1,02,500 వేసుకుని లెక్క కడితే 4,500కు వడ్డీ పోను 4,455. తేజీ 3,450లో అది పోగా మందీ ధర సున్నా కంటే 1,005 తక్కువ వస్తుంది. హక్కుకు ధర సున్నా కంటే తక్కువ ఉండదు కాబట్టి ఈ తప్పు వెంటనే పట్టుబడుతుంది. ఇంత పెద్ద తప్పులు ప్రమాదకరం కావు. ఒక నెల వాయిదా బదులు తరువాతి గడువు వాయిదా ధర వేసుకున్నప్పుడు తేడా కొన్ని వందలే ఉంటుంది, అది ఆర్బిట్రేజిలాగే కనబడుతుంది. ఏ ఆప్షను గడువు ముగిశాక ఏ వాయిదా చేతికి వస్తుందో కాంట్రాక్టు నిబంధనలలో చూసుకుని, ఆ వాయిదా ధరే లెక్కలోకి తీసుకోవాలి.

గడువు రోజున బంగారం సరిగ్గా స్ట్రైక్ ధర దగ్గర, 98,000 వద్దే, తచ్చాడుతుంటే మరో చిక్కు. తేజీ వాడుకోవాలా వద్దా అన్నది కొన్నవాని చేతిలో ఉంది. మందీ సంగతి ఎదుటివాని చేతిలో ఉంది. రెండూ మన మీద పడవచ్చు, రెండూ పడకపోవచ్చు. అటువంటప్పుడు మర్నాడు ఉదయం ఖాతాలో వాయిదా అమ్మకం ఒంటరిగా మిగలవచ్చు. గడువుకు దగ్గరి ధరలలో ఉన్న ఆప్షన్లకు ఎవరు ఏ సమయంలోగా సూచన ఇవ్వాలో ఎక్స్ఛేంజి సర్క్యులరులో ఉంటుంది. దానిని చదవని దళారి చేతిలో ఇటువంటి బేరం పెట్టరాదు. ఆ చిక్కు కనబడితే ముందు రోజే మూడు కాళ్ళనూ కొట్టివేసి, ఉన్న లాభంలో కొంత వదులుకోవడమే మేలు.

ఇన్ని అడ్డంకులు ఉండగా పారిటీ వల్ల ఉపయోగమేమిటని శామీర్‌పేట వ్యాపారి విసుక్కోవచ్చు. అతనికి నిజంగానే తక్కువ. మేడ్చల్ సేటుకు మాత్రం ఎక్కువ. ఆయన మూడు కాళ్ళ బేరం చేయడు, రోజువారీ తేడా కట్టడు. తేజీ ధర, వాయిదా ధర, వడ్డీ అనే మూడు అంకెలతో చిట్టా పుస్తకం వెనుక పేజీలో కూడికలు తీసివేతలు చేసుకుని, 1,510కి మించి ఒక్క రూపాయి ఇవ్వనని దళారికి చెప్పగలడు. "ఆ ధరకు రాదు సేటూ" అని దళారి అంటే, తేజీ ఎంతలో ఉందో, వాయిదా ఎంతలో ఉందో అప్పటికప్పుడు అడిగి తన లెక్క చదివి వినిపించగలడు. దళారి వద్ద దానికి సమాధానం ఉండదు, ఎందుకంటే ఆ రెండు ధరలూ అతనే చెప్పాడు. ఒకవేళ ఆ దళారి ఎక్స్ఛేంజి బయట, డబ్బా పద్ధతిలో, తన సొంత ధరకు మందీ అమ్మేవాడైతే సంగతి వేరు. ఆ ధర ఈ లెక్కకు ఎన్నడూ సరిపోదు, అది చట్టవిరుద్ధం కూడా. గడువు నాడు హక్కు వాడుకోబోతే ఎదుట మనిషి ఉండడు. ఎక్స్ఛేంజి కాంట్రాక్టు నోటు ఇవ్వని మందీ 1,430కి వచ్చినా, 1,000కి వచ్చినా సేటు దానిని ముట్టుకోనక్కర లేదు.